సి వరుసలో ఐదో సీటు

ఆ సినిమా హాల్లో టికెట్లు అమ్మే ఆమెను చిన్నా పెద్దా అందరూ కౌంటరక్క అనే పిలుస్తారు. పంతొమ్మిదేళ్ల వయసులో, కాలు విరిగి మంచాన పడ్డ మేనమామకు బదులుగా నాలుగు రోజులు కూర్చుందామని వచ్చింది. మేనమామ కాలు అతుక్కుంది. ఆయన ఇంతకన్నా మంచి పని చూసుకుని వెళ్లిపోయాడు. ఆమె మాత్రం ఆ కిటికీ వెనకాల ఇరవై నాలుగేళ్లుగా కూర్చునే ఉంది.

కౌంటరు గది ఎంత చిన్నదంటే, లోపలికి వెళ్లాక తలుపు వేయాలంటే ముందు స్టూలు జరపాలి. ఎదురుగా పోస్టర్లు అంటించిన అద్దం, అద్దానికి అర్ధచంద్రం ఆకారంలో ఒక కన్నం. ఆ కన్నంలోంచి చేతులు తప్ప మొహాలు సరిగా కనపడవు. బల్ల మీద సీట్ల చార్టు. ముందు ఎ వరుస నుంచి వెనక కె వరుస దాకా పదకొండు వరుసలు. మధ్యలో నడవ, దానికి అటు తొమ్మిది, ఇటు తొమ్మిది. రెండు వైపులా అంకెలు నడవ నుంచి గోడ దాకా, ఒకటి నుంచి తొమ్మిది. మొత్తం నూట తొంభై ఎనిమిది గళ్లు. టికెట్టు అమ్మినప్పుడల్లా గడి మీద అడ్డగీత పడుతుంది. ఫోన్లో చెప్పి ఉంచుకున్నవాళ్లకు గుండ్రటి సున్నా.

వీధి చివర పెద్ద హాళ్లలో ఈ పని కంప్యూటరు చూసుకుంటుంది. మధ్యలో ఒంటి సీటు మిగిలేలా ఎవరైనా ఎంచుకుంటే ఒప్పుకోదు, పక్కకి జరగమంటుంది. ఈ హాల్లో ఆ మాట చెప్పేది కౌంటరక్కే. ఎందుకంటే సినిమాకి ఒంటరిగా వచ్చేవాళ్లు తక్కువ. జంటలు వస్తాయి, ముగ్గురు వస్తారు, నలుగురు వస్తారు. అటొకరు ఇటొకరు కూర్చున్నాక మధ్యలో ఒక్క కుర్చీ మిగిలిందంటే ఇక అది పోదు. ఆట మొదలై అయిపోయేదాకా ఖాళీగానే పడుంటుంది.

దానికి ఆమె దగ్గర ఉన్న కిటుకు పెద్దదేమీ కాదు. తొమ్మిది బేసి. జంటల్నే పేర్చుకుంటూ పోతే నాలుగు జంటలు కూర్చుని ఒకటి మిగులుతుంది. కాబట్టి ప్రతి తొమ్మిదిలోనూ ఎక్కడో ఒక మూడో, ఒక ఐదో పడాలి. ముగ్గురు వస్తే ఆమెకు పండగ. వాళ్లని ఏ వరుసలో బేసి ఖాళీ ఉందో అక్కడ కూర్చోబెడుతుంది. ఒక చివర నుంచి మొదలుపెట్టి నింపుకుంటూ వస్తుంది తప్ప రెండు చివర్ల నుంచీ నింపదు. రెండు వైపుల నుంచీ వస్తే మధ్యలో ఏం మిగులుతుందో మన చేతిలో ఉండదు. "ఐదు ఖాళీలున్నాయా, అయితే జంటని ఈ చివర పెట్టు, మూడు మిగలనీ. మధ్యలో పెడితే అటొకటి, ఇటు రెండు మిగిలి చస్తాయి" అని సెలవు పెట్టినప్పుడు తన బదులు కూర్చునే మనిషికి చెప్పేది.

ఆ మధ్య వరసగా పదకొండు శనివారాలు మధ్యాహ్నం ఆటకి హాలు నిండింది. ఒంటి సీటు ఒక్కటి కూడా మిగల్లేదు. మేనేజరు లెక్క రాసుకుంటూ, "మీ కౌంటరక్క కంప్యూటరుకి మేనత్త" అని తలుపు దగ్గర టార్చి పట్టుకుని సీట్లు చూపించే, హాల్లో అందరూ ఆ పేరుతోనే పిలిచే బాబాయ్‌తో అనేవాడు. బాబాయ్ వచ్చి ఆ మాట ఆమెకు చేరవేసేవాడు.  ఆమె ఇంటికి వెళ్తూ దారిలో రెండుసార్లు ఆ మాట తలుచుకుని నవ్వుకునేది. పెళ్లి కుదరలేదు, చదువు సాగలేదు. నిండిన చార్టు ఒక్కటే ఆమె చూసి మురిసిపోయే వస్తువు.

పన్నెండో శనివారం చెల్లెలు పిల్లల్తో వస్తానంది.

చెల్లెలికి ఇద్దరు. పెద్దది ఆరేళ్ల చిట్టి. చెవులు సరిగా వినపడవు, రెండు చెవులకీ మిషన్లు పెడతారు. కానీ హాల్లో మోతకి అవి పెట్టుకుంటే బుర్రలో సుత్తి పెట్టి కొట్టినట్టు ఉంటుందని ఏడుస్తుంది. అందుకే సినిమాకి వస్తే మిషన్లు తీసి డబ్బాలో పెట్టి బొమ్మ మాత్రం చూస్తుంది. బొమ్మ చూసే కథంతా చెప్పేస్తుంది, మనం విన్నా అర్థం కాని ముక్కలతో సహా. చిన్నవాడు బుడ్డోడు. మూడు నిండాయి, కాబట్టి వాడికీ టికెట్టు.

ఆ రోజు పొద్దున కౌంటరు ముందు వరస గేటు దాకా ఉంది. అప్పుడే చెల్లెలి ఫోను.

"అక్కా, మూడూ కలిపే ఉంచావా?"

"ఉంచానే తల్లీ. హెచ్‌లో నడవ పక్కన. ఒకటీ రెండూ మూడూ."

"బుడ్డోడు నడవ పక్కనైతే పరిగెత్తుతాడేమో?"

"అయితే వాణ్ణి మూడులో పెట్టి నువ్వు మధ్యలో కూర్చో. ఇక్కడ జనం నా నెత్తి మీద ఉన్నారు, పెట్టేయ్."

"చిట్టిని నా పక్కనే..."

"నీ పక్కనే!"

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆమె చేతులు పని చేస్తూనే ఉన్నాయి. అంతకుముందే సి వరుసలో కుడి వైపు, నడవ పక్కన ఒకటి నుంచి నాలుగు దాకా ఒక కుటుంబానికి ఇచ్చింది. ఇప్పుడు కన్నంలోంచి ఒక పెద్దాయన చెయ్యి వచ్చింది. నలుగురం, గోడ వైపు కావాలి, అటు తలుపు దగ్గర గాలొస్తుంది అన్నాడు. సి వరుసలోనే ఆరు నుంచి తొమ్మిది దాకా గీతలు కొట్టి టికెట్లు చించి ఇచ్చేసింది. ఫోను పెట్టేశాక చార్టు చూసుకుంటే, తొమ్మిదిలో అటు నాలుగు, ఇటు నాలుగు. మధ్యలో ఐదో సీటు, నోరు తెరుచుకుని.

ఇరవై నాలుగేళ్లలో కొత్తగా వచ్చినవాళ్లకు మొదట చెప్పిన పాఠం అది. ఒక తొమ్మిదిలో రెండు నాలుగులు పెట్టొద్దు. తన చెయ్యే ఆ పని చేసింది.

ఎవరో ఒంటరివాడు రాకపోతాడా అనుకుంది. కాలేజీ కుర్రాడో, భార్య పుట్టింటికి వెళ్లిన మొగుడో. ఎవరూ రాలేదు. పిల్లల సినిమా, శనివారం మధ్యాహ్నం. వచ్చినవాళ్లంతా గుంపులే. ఆట మొదలయ్యే పావుగంట ముందు చార్టులో మిగిలినవి ఆరు గళ్లు. చెల్లెలికి సున్నాలు చుట్టిన హెచ్ వరుస మూడు, జి వరుసలో కుడి గోడ వైపు ఎనిమిది, తొమ్మిది, ఆ మీదట సి వరుసలో ఐదు.

అప్పుడు ముగ్గురు వచ్చారు. భార్యాభర్తలు, భర్త తల్లి.

"మూడు. కలిపి."

"కలిపి లేవండీ. జి లో రెండు, సి లో ఒకటి ఉన్నాయి."

"మా అమ్మని చీకట్లో ఒక్కదాన్నే ఎక్కడో కూర్చోబెట్టమంటారా?" భర్త చెయ్యి వెనక్కి పోబోయింది. "పోదాం పదండి. ఆ పెద్ద హాలుకే పోయుంటే బావుండేది."

"ఉండండి" అంది కౌంటరక్క.

ఆ "ఉండండి" తన నోట్లోంచి ఎలా వచ్చిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు తెలియలేదు. వాళ్లు పోతే జి లో రెండూ ఏ జంటకో అమ్ముడు పోతాయి. సి లో ఐదు మాత్రం మిగిలిపోతుంది. పన్నెండో శనివారం చెడిపోతుంది. అదే చెల్లెలైతే తనదే కదా. సర్దుకుంటుంది. సి వరుస ముందు నుంచి మూడోది, చిట్టి బొమ్మ దగ్గరగా చూస్తుంది. తల్లీ బుడ్డోడూ జి లో కూర్చుంటారు. మధ్యలో మూడు వరుసలే. హెచ్ వరుసలో మూడు సున్నాల మీదా అడ్డగీతలు పడ్డాయి.

చెల్లెలు రొప్పుతూ వచ్చింది, చంకలో బుడ్డోడు, చేతిలో చిట్టి. విషయం విని మొహం మాడ్చుకుంది.

"పొద్దున్నే కదక్కా మూడూ కలిపే ఉంచానన్నావు?"

"పరిస్థితి అలా వచ్చింది. నాలుగడుగుల దూరమే. అది నీలా భయస్తురాలు కాదులే."

"అది భయపడదని కాదక్కా, పిలిస్తే వినపడదని."

"ఎందుకు పిలుస్తావు? బొమ్మ పెట్టాక అది కళ్లార్పదు కూడా." కౌంటరక్క వంగి, కన్నంలోంచి చెయ్యి పెట్టి చిట్టి గడ్డం పట్టుకుని పెదాలు కనపడేలా నెమ్మదిగా చెప్పింది. "నడవ నుంచి ఐదో కుర్చీ. సరేనా? ఐదు."

చిట్టి ఐదు వేళ్లూ చూపించింది. వెనక వరసలో ఎవరో "తొందరగా కానివ్వండమ్మా" అన్నారు. చెల్లెలు టికెట్లు లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. మేనేజరు వచ్చి చార్టు మీద చెయ్యేసి నిమిరాడు. "నూట తొంభై ఎనిమిదికి నూట తొంభై ఎనిమిది. పన్నెండు!" అన్నాడు. కౌంటరక్క నవ్వింది.

మధ్య విరామం అయిపోయి, ఆట మళ్లీ మొదలై ఇరవై నిమిషాలై ఉంటుంది. కౌంటరు తలుపు దబదబా మోగింది. బుడ్డోణ్ణి చంకనేసుకుని చెల్లెలు.

"చిట్టి లేదు."

"లేకపోవడమేంటే?"

"కుర్చీలో లేదు. ఆ కుర్చీలో ఎవరో ముసలాయన కూర్చున్నాడు!" బుడ్డోణ్ణి ఇంకో చంకకి మార్చుకుంది. "విరామంలో బాత్‌రూమ్‌కి తీసుకెళ్లాను. లైట్లు ఆరిపోతున్నాయి, వీడు ఏడుపు. నడవ దగ్గర నిలబెట్టి, పో, ఐదో కుర్చీ అని చూపించి నేను పైకెళ్లాను. కూర్చున్నాక కూడా మనసు మనసులో లేదు. ఇప్పుడు గోడ పక్క నుంచి దిగి చూస్తే..."

కౌంటరక్క స్టూలు తన్నేసి బయటికి వచ్చింది.

బాబాయ్ టార్చితో వాళ్లను సి వరుస దగ్గరికి తీసుకెళ్లాడు. ఐదో కుర్చీలో పెద్దాయన. గోడ వైపు కావాలని అడిగిన నలుగురిలో ఆయనే.

"ఇక్కడ పాప ఉండాలి కదండీ?" బాబాయ్ గుసగుసగా అడిగాడు.

"విరామంలో లేచిపోయింది. రాదేమో అనుకున్నాం. నా ముందు కుర్చీవాడు తాటిచెట్టులా ఉన్నాడు, ఏమీ కనపడక ఇటు జరిగాను. మావాళ్లు కూడా ఒక్కొక్కటీ జరిగారు." పెద్దాయన మొహంలో ఇబ్బంది. "అదిగో, ఆ చివరది ఖాళీయే కదా. అక్కడ కూర్చోమనండి."

ఐదోది కాకుండా ఇప్పుడు తొమ్మిదోది ఖాళీ. ఆ తొమ్మిదో కుర్చీ పక్కనే గోడ వెంట సన్నటి దారి, ఆ దారిలో బయటి సందులోకి తెరుచుకునే తలుపు. తలుపు జానెడు తెరిచి ఉంది. సందులోని ఎండ నేల మీద చారలా పడింది.

చెల్లెలు ఆ వెలుతురు చూసింది.  బుడ్డోణ్ణి ఎత్తుకుని ఆ తలుపు తోసుకుని సందులోకి పరిగెత్తింది.

కౌంటరక్క వెంట పరిగెత్తింది. సందు చివర పెద్ద రోడ్డు. బస్సులు, లారీలు, సందు మూల మీద స్కూటర్లు బాగు చేసే షెడ్డు. షెడ్డులో మనిషి చేతులకి గ్రీజుతో లేచి వచ్చి, పాప రాలేదన్నాడు. వచ్చినా తను చక్రం విప్పుతూ వంగి ఉన్నానన్నాడు. ఏ రంగు గౌనని అడిగాడు. కౌంటరక్కకు గుర్తు రాలేదు. గంటన్నర కింద గడ్డం పట్టుకుని మాట్లాడిన పిల్ల ఏ రంగు గౌను వేసుకుందో తెలియలేదు. ఏ గడిలో కూర్చుందో మాత్రం తెలుసు.

"పసుప్పచ్చ" అని చెల్లెలు అరిచింది, రోడ్డుకి అడ్డంగా చెయ్యి పెట్టి బస్సు ఆపుతూ. "చిట్టీ! చిట్టీ!" అని అరుస్తోంది. అరిచిన ప్రతిసారీ ఆ పిల్లకి వినపడదన్న సంగతి కౌంటరక్క గుండెలో దిగబడుతోంది. మిషన్ల డబ్బా జి వరుసలో చెల్లెలు వదిలేసి వచ్చిన సంచిలో ఉంది. వెనక నుంచి హారను కొట్టినా ఆ పిల్ల పక్కకి జరగదు.

"నువ్వు అటు చూడు, నేను హాల్లో చూసొస్తా" అంది కౌంటరక్క.

చెల్లెలు తిరిగి చూసింది. "పో. నీ హాలు చూసుకో పో."

మేనేజరు గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"లైట్లు వేయించండి. సినిమా ఆపండి."

"ఆపితే ఏమవుతుందో నీకు తెలుసు కదమ్మా. రెండొందల మంది ఒక్కసారి లేస్తారు. కేకలు, తోపులాట. పాప లోపలుంటే ఆ కాళ్ల మధ్య నలిగిపోతుంది. బయటుంటే ఆపి లాభం లేదు. మైకులో పిలుద్దాం."

"దానికి వినపడదు!"

 అంతవరకూ మేనేజరుకి ఆ సంగతి తెలియదు. "నేను పోలీసులకి ఫోను చేస్తాను" అని గదిలోకి పరిగెత్తాడు.

 కౌంటరక్క తన గది గుమ్మంలో నేల మీదే కూలబడింది. బల్ల మీద చార్టు, గడి గడికీ గీత. ఎక్కడా తెల్లగా లేదు.  చింపేద్దామని చెయ్యి చాపింది. చాపిన చెయ్యి ఆగింది.

నూట తొంభై ఎనిమిది కుర్చీలు. నూట తొంభై ఎనిమిది మంది. గేటు దగ్గర చించిన టికెట్టు ముక్కలు బాబాయ్ విరామానికి ముందే లెక్కపెట్టాడు, ఒక్కటి తక్కువ కాలేదు.

"బాబాయ్!"

ఆయన పరిగెత్తుకొచ్చాడు. పాపం, ఆ వయసులో ఆయాసం.

"సందు తలుపు దగ్గరికి వేయించు. ఎవరు బయటికి పోవాలన్నా నడవ తలుపులోంచే పోనీ, ఎంతమంది బయటున్నారో నాకు తెలియాలి. ఇప్పుడు బయట ఎవరెవరున్నారు?"

"చెల్లాయమ్మ, పిల్లాడు. అంతే. బాత్‌రూముల్లో చూశాను, ఎవరూ లేరు. రెండో సగం మొదలయ్యాక ఒక్కడు కూడా లేవలేదు, మంచి పట్టు మీదుంది సినిమా."

"అయితే నడవ వెంటా, గోడల వెంటా టార్చి కిందకి పెట్టుకుని పో. తలలు చూడకు. చిన్నపిల్లల తలలు కుర్చీ వీపు దాటి రావు, ఉన్నా లేనట్టే ఉంటుంది. సీటు అడుగు చూడు. మనిషి లేని సీటు పైకి మడిచి ఉంటుంది. మడిచినవి ఎన్నున్నాయో, ఏ వరుసలోనో చూసిరా. ఒక్కటి కూడా వదలకు."

"ఇప్పుడు సీట్ల లెక్కలా అమ్మాయ్..."

"పో బాబాయ్, నీకు దండం పెడతా!"

ఆయన వెళ్లాడు. గోడ అవతల సినిమాలో ఏదో పాట, పిల్లలంతా ఒక్కసారి చప్పట్లు. కౌంటరక్క మోకాళ్ల మీద తల పెట్టుకుంది. పిల్ల రోడ్డు మీదకి వెళ్లిపోయి ఉంటే లోపల మూడు ఖాళీలు ఉండాలి. చిట్టిది ఒకటి. చెల్లెలిదీ బుడ్డోడిదీ రెండు. మూడుంటే పిల్ల లోపల లేనట్టే. మూడు అనకు బాబాయ్, మూడు అనకు. మూడు వేళ్లు మడిచి మళ్లీ తెరిచి, అదే లెక్క పదిసార్లు పెట్టింది. వరసలో నిలబడ్డ మనుషులు మూడు అంటే ఇన్నాళ్లూ ఎంత సంబరపడిందో, ఆ అంకెకి ఇప్పుడు అంత భయపడుతోంది.

బాబాయ్ వచ్చాడు.

"రెండే అమ్మాయ్."

"ఎక్కడెక్కడ?"

"సి లో గోడ పక్కది. జి లో గోడ పక్కది. ఇంకెక్కడా లేవు, కె దాకా చూశాను."

ఆమె లేచి నిలబడింది. "జి లో రెండుండాలి."

"ఎవరో కాళ్లు చాపుకోవడానికి జరిగుంటార్లే. ఇందాక ఆ పెద్దాయన జరగలా?"

"జరిగితే ఖాళీ జరుగుతుంది బాబాయ్, తగ్గదు! ఒకడు జరిగి కూర్చుంటే వాడు లేచిన చోటు ఖాళీ అవుతుంది. వరస చివరికి పోతుంది, ఎక్కడికన్నా పోతుంది, మాయమవదు. మూడుండాల్సిన చోట రెండున్నాయంటే కూర్చోకూడని మనిషి ఒకరు కూర్చున్నారు." మాట పూర్తి కాకముందే ఆమె నడవలో ఉంది.

చీకట్లో మెట్లు. ఎ, బి, సి, డి. తెర మీద ఎండ కాసే దృశ్యం వచ్చి హాలంతా ఒక్క క్షణం తెల్లబడింది. జి వరుసలో మోకాళ్లు తోసుకుంటూ, కాళ్లు తొక్కుతూ, "ఏంటమ్మా ఇది" అంటున్నవాళ్లను తోసుకుంటూ గోడ వైపు వెళ్లింది. తొమ్మిదో సీటు మడిచి ఉంది. ఎనిమిదోది కిందకి ఉంది.

అందులో పసుప్పచ్చ గౌను. ఒళ్లో తల్లి సంచి, దాని చుట్టూ రెండు చేతులు. మొహం సంచిలో దాచుకుని ఉంది. సినిమా చూడటం లేదు.

పక్క సీటావిడ కౌంటరక్కతో, "ఇందాక ఒకావిడ బాబునెత్తుకుని పోయింది. కాసేపటికి ఈ పాప వచ్చి కూర్చుంది. వాళ్ల పిల్లే కదాని ఊరుకున్నాం" అంది.

కౌంటరక్క భుజం మీద చెయ్యి వేయగానే చిట్టి ఉలిక్కిపడింది. పెద్దమ్మని చూసి, సంచి ఇంకా గట్టిగా పట్టుకుంది.

చిట్టిని ఎత్తుకుని సందులోంచి రోడ్డు మీదకి వచ్చేసరికి చెల్లెలు అవతలి వైపు దుకాణాల ముందు పరిగెడుతోంది. షెడ్డులో మనిషి ఈల వేసి చెయ్యి ఊపాడు. చెల్లెలు బస్సుల మధ్యలోంచి ఎలా వచ్చిందో తెలియదు. బుడ్డోణ్ణి షెడ్డు మనిషి చేతుల్లో పడేసింది. చిట్టిని లాక్కుంది, వీపు మీద రెండు దెబ్బలు వేసింది, ఆ చేత్తోనే తల గట్టిగా గుండెకి నొక్కుకుంది. షెడ్డు మనిషి గ్రీజు చేతుల్ని దూరంగా పెట్టి మోచేతులతో బుడ్డోణ్ణి పట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి సంచిలోంచి డబ్బా తీసి, చెల్లెలు మిషన్లు చెవులకి పెట్టింది.

"ఎక్కడికెళ్లావే?"

"నా కుర్చీలో తాత ఉన్నాడు" అంది చిట్టి. ఎక్కిళ్లు. "మళ్లీ లెక్కపెట్టా. వెనక వరసలో లెక్కపెట్టా. దాని వెనక కూడా. అన్ని ఐదుల్లోనూ ఎవరో ఒకళ్లున్నారు. నువ్వు బాత్‌రూం దగ్గరున్నావేమోనని వెళ్లి చాలాసేపు నిలబడ్డా. లేవు. తర్వాత నీ సీటు కాడికి వచ్చా. నువ్వు లేవు. సంచుంది. అందుకని సంచి పట్టుకున్నా."

"అరవాలి కదే? ఎవరినైనా అడగాలి కదే?"

"సినిమా అవుతోంది కదా" అంది చిట్టి.

కౌంటరక్క ఏదో అనబోయింది. చెల్లెలు ఆమె వైపు తిరిగింది. కోపం కూడా లేని మొహం, అలిసిపోయిన మొహం.

"హాలు నిండిందిగా అక్కా?"

 చెల్లెలు ఒక చేత్తో చిట్టిని, ఒక చేత్తో బుడ్డోణ్ణి పట్టుకుని ఆటోస్టాండు వైపు నడిచింది. పిల్ల రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. తల్లి చూడలేదు.

మేనేజరు పోలీసులకి మళ్లీ ఫోను చేసి వద్దని చెప్పాడు. వచ్చి ఆమె ముందు నిలబడి, "ఇంటికెళతావా? ఫస్టు షోకి నేను కూర్చుంటాలే" అన్నాడు. ఆయన మంచివాడే. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంటికెళ్లి ఏం చెయ్యాలో తెలియదు.

కొత్త చార్టు పరిచింది. గళ్లన్నీ తెల్లగా. కౌంటరు తెరిచే ముందు చెల్లెలికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈసారి రెండు మోతలకే కట్టయింది.

కన్నంలోంచి చెయ్యి వచ్చింది. "నాలుగు."

ఎప్పుడూ ఆ మాట తర్వాత ఆమె అడిగేది ఏమీ ఉండదు. చార్టు చూడటం, ఎక్కడ బేసి ఉందో ఎక్కడ సరి ఉందో చూడటం, గీతలు కొట్టడం. ఈసారి తల వంచి కన్నంలోంచి బయటికి చూసింది. ఒక నడివయసు మనిషి మొహం కనపడింది.

"ఎవరెవరు?"

"ఎవరెవరంటే?"

"పిల్లలున్నారా? ఎన్నేళ్లు?"

"ఉన్నారు. ఇద్దరు. టికెట్టుకి వయసెందుకండీ?"

"ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు?"

వెనక నుంచి ఎవరో గొణిగారు, ఇంకెవరో నవ్వారు. ఆ మనిషి విసుక్కుంటూనే చెప్పాడు. చిన్నది అమ్మ పక్కన, పెద్దోడు తన పక్కన. ఆమె వాళ్లకి డి వరుసలో నాలుగు ఇచ్చింది. తర్వాత ఇద్దరు, ఆ తర్వాత ఐదుగురు. వరస కదలడం లేదని గేటు దగ్గర కేకలు మొదలయ్యాయి. ఆట మొదలయ్యేసరికి ముగ్గురొచ్చారు, తల్లీ ఇద్దరు ఆడపిల్లలూ. చార్టులో రెండు ఒకచోట, ఒకటి వేరే చోట ఉన్నాయి, ఆ మాటే వాళ్లతో చెప్పింది.

"ఫర్లేదండీ, సర్దుకుంటాం" అంది తల్లి. "పెద్దది ఒక్కత్తే కూర్చుంటుంది."

"కలిపి లేవమ్మా" అంది కౌంటరక్క. "రేపు రండి, మూడూ ఒకచోట పెడతాను."

"రెండూ ఒకటీ ఉన్నాయన్నారు కదా ఇప్పుడే?"

"రేపు రండి."

తల్లి చిరాగ్గా ఏదో అని వెళ్లిపోయింది. ఆ రాత్రి హాల్లో మూడు సీట్లు మడిచే ఉన్నాయి. బాబాయ్ టార్చి ఆర్పుతూ వచ్చి మూడు అని చెప్పాడు. ఆమె విని, ఫోను తీసి మళ్లీ చెల్లెలి నంబరు నొక్కింది.